దగ్గరి ఫ్రెండ్ ‘నేను ట్రాన్స్’ అని చెప్పినప్పుడు ఏం అనాలి, ఏం అనకూడదు

చాలామంది ట్రాన్స్ మనుషులు ఈ మాటను అమ్మానాన్నల కన్నా ముందు ఒక ఫ్రెండ్‌కి చెబుతారు. ఇంట్లో చెబితే ఏం జరుగుతుందో ఊహించడానికే భయం. ఆఫీసులో చెబితే ఉద్యోగం గురించి టెన్షన్. మిగిలేది కాలేజీ రోజుల నుంచి వెంట ఉన్న ఒక్క మనిషి. ఆ మనిషి మీరే అయితే ఏం చేయాలన్నది ఇక్కడ అడుగు అడుగునా చూద్దాం.

అన్ని రకాల పరిస్థితులనూ కలిపేస్తే ఏదీ అర్థం కాదు కాబట్టి ఒకే ఉదాహరణ పట్టుకుందాం. వరంగల్‌లో బీటెక్ నాలుగేళ్లూ ఒకే హాస్టల్ గదిలో ఉన్న ఇద్దరు. ఇప్పుడు ఇద్దరికీ హైదరాబాద్‌లో ఉద్యోగాలు. ఇద్దరి ఇళ్లలోనూ సంబంధాలు చూస్తున్నారు. ఒక శనివారం సాయంత్రం టీ తాగుతుండగా ఇద్దరిలో ఒకరు అన్నారు: “మామా, నీకో విషయం చెప్పాలి. నేను అబ్బాయిని కాదు. చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. నేను అమ్మాయిని.” ఆమెను ఇక్కడ సింధు అందాం. పాత పేరుతో మనకు పని లేదు. ఎదురుగా కూర్చున్నది మీరు.

మీ ఫ్రెండ్ ట్రాన్స్ పురుషుడైతే, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా తాను మగవాడినని చెబుతుంటే, కింది విషయాలు చాలావరకు అలాగే వర్తిస్తాయి. పద్ధతి మారే చోట విడిగా చెబుతాను.

ఒక మాట ముందే అనుకుందాం. సింధు ఎదురుగా ఉన్నప్పుడు మీరు ఏం అన్నారన్నది ఇందులో సగమే. ఆమె పక్కన లేనప్పుడు మీరు ఎలా మాట్లాడతారన్నదే ఆమె రోజువారీ బతుకు మీద ఎక్కువ ప్రభావం చూపిస్తుంది. అందుకే కింద ఆ రెండో సగానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదటి అడుగు: టీ కప్పు పక్కన పెట్టి వినడం

ఆ మాట చెప్పడానికి సింధు చాలా రోజులు ప్రాక్టీస్ చేసి ఉంటుంది. మీకు మాత్రం అది అప్పుడే వినపడింది. కాబట్టి వెంటనే గొప్ప మాటలు రాకపోవడం సహజం. కానీ ఆ నిశ్శబ్దంలో ఆమె మీ ముఖమే చూస్తూ ఉంటుంది. మీరు ఆశ్చర్యంలో ఉన్నారా, అసహ్యంలో ఉన్నారా అన్నది ముఖం చూసి తేల్చుకోవడం కష్టం. భయంలో ఉన్న మనిషి రెండోదే అనుకుంటుంది. అందుకే మీ నిశ్శబ్దానికి కారణం మీరే చెప్పేయండి: “నేను ఊహించలేదు, అందుకే మాట రావట్లేదు. కోపం లేదు. నాకు చెప్పావు, మంచి పని చేశావు. చెప్పు, వింటా.” ఇంతకన్నా పెద్ద డైలాగ్ అక్కర్లేదు.

మీకు విషయం అర్థం కాకపోతే అదీ చెప్పొచ్చు. “నాకు దీని గురించి పెద్దగా తెలియదు, తెలుసుకుంటా” అంటే ఏ నష్టమూ లేదు. తెలియకపోయినా తెలిసినట్టు ఉపన్యాసం మొదలుపెడితేనే ఇబ్బంది. ఆమె తన జీవితం గురించి చెబుతుంటే మీరు ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టకండి.

ఇప్పుడు అనకూడని మాటలు. పెద్ద జాబితా రాయొచ్చు కానీ, ఎక్కువగా నోరు జారేవి నాలుగే. అవి ఎందుకు గుచ్చుకుంటాయో తెలిస్తే వాటి అన్నదమ్ములను మీరే గుర్తుపడతారు.

ఒకటి, “నిజంగానా? ఒకసారి ఆలోచించుకో.” మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆమె ఆలోచించుకోకుండా ఈ మాట చెప్పలేదు. పదేళ్లు, పదిహేనేళ్లు ఆలోచించి, దాచుకుని, మీ ముందు బయటపెట్టింది. ఈ ప్రశ్నతో ఆమె ఇప్పుడు మీకు రుజువులు చూపించాల్సి వస్తుంది. “నాకు ముందే డౌట్ ఉండేది” అనేది కూడా ఈ కోవదే. ఆ మాటతో, తాను ఇన్నాళ్లూ దాచుకున్నది అందరికీ కనిపిస్తోందా, ఆఫీసులో ఎవరెవరు కనిపెట్టారు అని కొత్త భయం మొదలవుతుంది.

రెండు, “ఆపరేషన్ చేయించుకుంటావా?” ఇది అందరి నాలుక మీదకూ వచ్చే ప్రశ్న. దుస్తుల కింద ఏముందని మామూలుగా మనం ఏ ఫ్రెండ్‌నీ అడగం. పైగా ట్రాన్స్ మనుషులు అందరూ సర్జరీ చేయించుకోరు. కొందరికి అక్కర్లేదు, కొందరికి డబ్బు లేదు, కొందరి ఆరోగ్యం ఒప్పుకోదు. ఏదీ చేయించుకోకపోయినా ఆమె సింధునే. ఆమెకు చెప్పాలనిపిస్తే ఆమే ఆ సంగతి ఎత్తుతుంది, అప్పుడు వినండి.

మూడు, “మీ అమ్మానాన్న ఏమైపోతారు?” మన దగ్గర అన్నిటికన్నా బలంగా తగిలే మాట ఇదే. ఎందుకంటే ఆమె ప్రతి రాత్రీ తనను తాను అడుగుతున్న ప్రశ్న అదే. మీరు కొత్తగా గుర్తు చేసింది ఏమీ లేదు, ఉన్న భారానికి ఇంకొంత కలిపారంతే. “పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి” అన్నది దీని చెల్లెలు. పెళ్లితో ఏదీ సర్దుకోదు. ఏమీ తెలియని ఇంకో అమ్మాయి జీవితం కూడా అందులో ఇరుక్కుంటుంది. ట్రాన్స్ పురుషుల విషయంలో ఈ మాట మరీ ప్రమాదం. ఆడపిల్ల అనుకుంటున్న మనిషికి ఇంట్లోవాళ్లు హడావుడిగా, బలవంతంగా పెళ్లి చేసేస్తారు. తర్వాత ఆ మనిషికి బయటికి వచ్చే దారే ఉండదు.

నాలుగు, “అంటే ఇక సిగ్నల్ దగ్గర...” అని మొదలయ్యే ఏ వాక్యమైనా. మనలో చాలామంది జీవితంలో చూసిన ట్రాన్స్ మనుషులు రైళ్లలో, కూడళ్ల దగ్గర చప్పట్లు కొట్టి డబ్బులు అడిగేవాళ్లే. వాళ్లు అక్కడికి ఎలా చేరారో మనం అడగం. ఇంట్లోంచి గెంటేస్తే, చదువు ఆగిపోతే, అద్దెకు ఇల్లు దొరక్కపోతే మనిషి ఎక్కడికి పోతుంది? ఆడ దుస్తుల్లో వీధిలో కనిపించిన వాళ్లను వారంట్ లేకుండా పట్టుకునే వీలు కల్పించిన నిజాం కాలపు చట్టం ఒకటి తెలంగాణలో పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. దాన్ని 2023 జులైలో హైకోర్టు కొట్టేసింది. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు. 2024 చివర్లో హైదరాబాద్ ట్రాఫిక్ విభాగంలోకి ట్రాన్స్ మనుషులను తీసుకున్నారు. సింధు ఇప్పటికే ఉద్యోగం చేస్తోంది, రేపూ చేస్తుంది. హిజ్రా అన్నది ఒక సంప్రదాయ సమాజం పేరు. ప్రతి ట్రాన్స్ మహిళా అందులో భాగం కాదు. సింధు తనను ఆ పేరుతో పిలుచుకుంటే తప్ప మీరు అనకండి. ఇక కొజ్జా, తేడా, పాయింట్ ఫైవ్ లాంటివి సినిమా జోకుల నుంచి మన నోటికి అంటుకున్న బూతులు. వాటికి సరదా వాడకం అంటూ లేదు.

రెండో అడుగు: మూడు ప్రశ్నలు

ఆమె చెప్పాలనుకున్నది చెప్పాక, ఆ సాయంత్రం లేచేలోపు మీరు అడగాల్సినవి మూడే.

“నిన్ను ఏ పేరుతో పిలవాలి?” కొందరు పేరు అప్పటికే ఎంచుకుని ఉంటారు, దాన్ని మొదటిసారి ఇంకొకరి నోట వినాలని ఎదురుచూస్తుంటారు. కొందరు ఇంకా తేల్చుకోరు. కొందరు పాత పేరే ఉంచుకుంటారు. ఏ జవాబు వచ్చినా సరే. “ఆ పేరెందుకు, ఇంకోటి బాగుంటుందిగా” అని సలహా మాత్రం ఇవ్వకండి.

“ఇంకా ఎవరికి తెలుసు? ఎవరి ముందు ఏం అనాలి?” ఇది మూడింటిలోకీ ముఖ్యమైనది, చాలామంది మరిచిపోయేది కూడా ఇదే. సింధు మీ దగ్గర సింధు కావచ్చు, ఆఫీసులో ఇంకా పాత పేరుతోనే ఉండొచ్చు, ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియకపోవచ్చు. ఒక్కో చోట ఒక్కో పిలుపు అంటే ఆమె మనసులో గందరగోళం ఉందని కాదు, అది జాగ్రత్త. ఆమె అడిగితే అమ్మ ముందు పాత పేరుతో పిలవడం ద్రోహం కాదు. అడగకుండా మీ అంతట మీరు ధైర్యం చూపించి కొత్త పేరుతో పిలవడమే ప్రమాదం.

“ఇప్పుడు నా నుంచి ఏం కావాలి?” చాలాసార్లు వచ్చే జవాబు “ఏమీ లేదు, నీకు చెప్పాలనిపించింది” అనే. అప్పుడు నమ్మి ఊరుకోండి. వెంటనే డాక్టర్లు, లాయర్లు, యూట్యూబ్ లింకులు పంపడం మొదలుపెడితే, ఆమె మీ చేతుల్లో పరిష్కరించాల్సిన సమస్య అయిపోతుంది.

“నువ్వు నన్ను ఇష్టపడుతున్నావా?” అన్న ప్రశ్న మగ స్నేహితుల బుర్రలో తిరగడం మామూలే. అడగకండి. తాను ఎవరన్నది ఒక విషయం, తనకు ఎవరంటే ఇష్టమన్నది ఇంకో విషయం. మీతో ఆమె చెప్పింది మొదటిదే.

మూడో అడుగు: నోటిని అలవాటు చేయడం

తెలుగులో ఒక సౌకర్యం ఉంది. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు క్రియలో ఆడా మగా కనిపించదు. “నువ్వు వచ్చావా, తిన్నావా” అన్నది ఎవరికైనా ఒకటే. కాబట్టి సింధుతో నేరుగా మాట్లాడేటప్పుడు మార్చుకోవాల్సింది పేరూ, పిలుపులూ మాత్రమే. మామా, బావా, అన్నా, రా లాంటివి. వీటిలో ‘రా’ సంగతి కొంచెం వేరు. ఈ కాలం అమ్మాయిల మధ్య కూడా “ఏంట్రా, చెప్పరా” నడుస్తోంది. సింధుకు అది పాత హాస్టల్ చనువులా తోచవచ్చు, లేదా ఇంకా మగవాడిలా చూస్తున్నారని గుచ్చుకోవచ్చు. ఆమె మిమ్మల్ని ‘మామా’ అంటోంది కదా అని మీరూ అనేయకండి. అడిగితే రెండు సెకన్ల పని: “రా అంటే ఇబ్బందా?” మీరు మానేశాక ఆమే “ఏంటి, గారు అనేలా ఉన్నావ్” అని నవ్వితే సమస్య తీరినట్టే.

అసలు పరీక్ష ఆమె పక్కన లేనప్పుడు వస్తుంది. మూడో మనిషి గురించి మాట్లాడితే తెలుగులో క్రియ తప్పించుకోనివ్వదు. వచ్చాడు, వచ్చింది, వచ్చారు. వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. ‘తను’ అని మొదలుపెట్టినా చివర్లో ‘డు’ వచ్చి బయటపెట్టేస్తుంది. అందుకే విషయం తెలిసిన ఇద్దరు స్నేహితులు ఆమె లేనప్పుడు కూడా “సింధు వచ్చింది, సింధు చెప్పింది” అనే మాట్లాడుకోవాలి. లేనప్పుడు ‘వాడు’ అనుకుంటూ, ఉన్నప్పుడు మాత్రం జాగ్రత్తపడితే కుదరదు. మన నోరు ఎక్కువ వాడిన రూపాన్నే ముందు తెస్తుంది, ఆమె ముందే జారుతుంది.

పాత సంగతులు చెప్పేటప్పుడు కూడా అంతే. “ఫస్టియర్‌లో సింధు బ్యాక్‌లాగ్ రాసింది” అనొచ్చు. అప్పుడు ‘వాడు’, ఇప్పుడు ‘ఆమె’ అని కాలాన్ని బట్టి మార్చనక్కర్లేదు. ఆమె దృష్టిలో అప్పుడూ తానే. ‘అది’ అన్న మాట దగ్గర మాత్రం ఆగండి. చాలా చనువున్న అమ్మాయిలు ఒకరినొకరు “అది ఎక్కడుంది” అనుకుంటారు, నిజమే. కానీ ట్రాన్స్ మనుషులను మనుషులుగా లెక్కచేయనివాళ్లు వాడేదీ అదే మాట. ‘ఆమె’ లేదా ‘తను’ సరిపోతాయి. ఆడా మగా రెండూ కాదని చెప్పే ఫ్రెండ్ అయితే “తను వచ్చారు” అన్న రూపాన్ని చాలామంది ఒప్పుకుంటారు. దగ్గరివాళ్ల మధ్య అది కొంచెం దూరంగా వినిపిస్తుందన్నది నిజం. ఏది కావాలో ఆ మనిషే చెప్పాలి.

నోరు జారితే ఏం చేయాలి? “నిన్న వాడు... సారీ, సింధు చెప్పింది” అని సరిచేసుకుని వాక్యం పూర్తి చేయండి. అంతే. ఐదు నిమిషాలు క్షమాపణలు చెబితే చివరికి ఆమే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. మొదటి నెలలో జారడం సహజమే. ఆరు నెలలైనా సరిచేసుకోకుండా అదే నడుస్తుంటే, మీరు ప్రయత్నించట్లేదని ఆమెకు అర్థమవుతుంది.

నాలుగో అడుగు: గుట్టు కాపాడటం

చెప్పను అని మాట ఇవ్వడం తేలిక. విషయం బయటపడేది ఎవరో కావాలని చెప్పినప్పుడే కాదు, మనం పట్టించుకోని చోట్ల ఎక్కువగా బయటపడుతుంది.

ఫోన్ చూడండి. కాంటాక్ట్ పేరు సింధు అని మార్చారనుకుందాం. మీ ఇంట్లో టీవీ ముందు కూర్చున్నప్పుడు ఆమె ఫోన్ చేస్తే తెరమీద పాత ఫొటో, కొత్త పేరు. మీ తమ్ముడు చూస్తాడు. అందుకని ఏ పేరుతో సేవ్ చేయాలో కూడా ఆమెనే అడగాలి. మీ ఇద్దరి చాట్‌లోంచి ఒక్క స్క్రీన్‌షాట్ కూడా బయటికి పోకూడదు, జోక్ కోసమైనా సరే. పుట్టినరోజుకి హాస్టల్ నాటి ఫొటో స్టేటస్ పెట్టి ట్యాగ్ చేసే అలవాటుంటే ఈసారి ముందు అడగండి.

డబ్బులు పంపేటప్పుడు యూపీఐలో బ్యాంకులో ఉన్న పేరే కనిపిస్తుంది. నలుగురు కొత్త స్నేహితులతో హోటల్‌కి వెళ్లి, బిల్లు పంచుకునేటప్పుడు “సింధుకి పంపండి” అంటే అందరి తెరల మీదా పాత పేరు వస్తుంది. బిల్లు మీరు కట్టి, మిగతావాళ్ల నుంచి మీరే తీసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. రైలు టికెట్ బుక్ చేసేటప్పుడు మాత్రం దీనికి రివర్స్. చూపించే గుర్తింపు కార్డులో ఉన్న పేరే టికెట్ మీద ఉండాలి. ప్రేమతో కొత్త పేరు పెట్టేస్తే రైల్లో టీటీఈ ముందు నిలబడి వివరణ ఇచ్చుకోవాల్సింది ఆమె.

పెళ్లయినవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: భార్యకో భర్తకో చెప్పొచ్చా? మన దగ్గర దంపతుల మధ్య రహస్యం ఉండదంటారు. నా అభిప్రాయం, చెప్పకూడదు, సింధు సరే అనేవరకు. మీ భార్యకు నమ్మకమైన ఒక అక్క ఉంటుంది, ఆ అక్కకు ఇంకొకరు ఉంటారు. నాలుగో మనిషి మీ ఊరివాళ్లే అవుతారు. సింధును అడిగి చెబితే ఏ గొడవా లేదు.

ఐదో అడుగు: అమ్మ ఫోన్ చేసినప్పుడు

ఇది దాదాపు తప్పకుండా వస్తుంది. పిల్లలు మాట్లాడకపోతే తల్లులు స్నేహితులకే ఫోన్ చేస్తారు. సింధు వాళ్ల అమ్మ మీకు ఎప్పుడో పండగకి గారెలు పెట్టిన మనిషి. ఆవిడ గొంతు వణుకుతుంటే మీకూ మనసు కరుగుతుంది.

“బాబూ, వాడు ఇంటికి రావట్లేదు. సంబంధం అంటే ఫోన్ పెట్టేస్తున్నాడు. జుట్టు పెంచుతున్నాడంట. నీకేమన్నా చెప్పాడా? ఎవరినైనా ప్రేమిస్తున్నాడా?”

ఇక్కడ మూడు రకాలుగా దెబ్బతినొచ్చు. ఆవిడ బాధ చూడలేక చెప్పేయడం ఒకటి. సింధు సిద్ధంగా లేనప్పుడు, మీ మాటల్లో, ఫోన్‌లో సగం సగం తెలిస్తే ఆ రాత్రే నాన్న, మేనమామ కారేసుకుని హైదరాబాద్ రావచ్చు. “అవునాంటీ, ఎవరో అమ్మాయి ఉంది” అని కథ అల్లడం రెండోది. అప్పుడు ఆ అమ్మాయి ఎవరు, ఏ కులం అని వేట మొదలవుతుంది. “అసలేమీ లేదు” అని కొట్టిపారేయడం మూడోది. రేపు విషయం తెలిశాక ఆవిడ మిమ్మల్ని ఇక నమ్మదు. తల్లీబిడ్డల మధ్య నిలబడి మాట్లాడగల మనిషి ఒక్కరైనా మిగలాలి కదా.

కాబట్టి ఈ ఫోన్ రాకముందే సింధుతో కూర్చుని జవాబు అనుకోండి. అందులో అబద్ధం ఉండకూడదు, విషయమూ ఉండకూడదు. ఉదాహరణకు ఇలా: “తన ఆరోగ్యం బాగానే ఉంది ఆంటీ, మొన్న శనివారమే కలిశాం. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. పెళ్లి మాటతో టెన్షన్ పెరుగుతున్నట్టు అనిపించింది నాకు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ మాట పక్కన పెట్టి, తిన్నావా, ఎలా ఉన్నావని అడగండి. నేనూ మాట్లాడమని చెబుతా.” ఈ మాటల్లో వాడు, ఆమె ఎక్కడా లేవని గమనించండి. కలిశాం, పని ఉంది, తనకి జ్వరం తగ్గింది లాంటి వాక్యాలు కడితే ఎవరి ముందైనా ఇబ్బంది లేకుండా నడుస్తుంది. “తనకి ఇంటి భోజనం ఇష్టం” అంటే ఏ క్రియా పట్టివ్వదు. ఆవిడ మరీ ఒత్తిడి చేస్తే “ఏదైనా తన నోటితో వింటేనే బాగుంటుంది ఆంటీ” అనొచ్చు. కానీ ఏదో ఉందని ఆ వాక్యమే చెప్పేస్తుంది కాబట్టి సింధు ఒప్పుకుంటేనే వాడండి.

ఫోన్ పెట్టేశాక అదే రోజు సింధుకి చెప్పండి. అమ్మ ఏం అడిగింది, మీరు ఏం అన్నారు, మాట మార్చకుండా. “అమ్మ చాలా ఏడ్చింది, పాపం” అని రంగు పూయనక్కర్లేదు.

ఆరో అడుగు: అడిగినప్పుడే సమాచారం

డాక్టర్ల సంగతి సింధు ఎత్తితే, రెండు విషయాలు మీకు తెలిసి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న తన వ్యాధుల జాబితాలో ట్రాన్స్‌గా ఉండటాన్ని మానసిక రోగాల అధ్యాయం నుంచి తీసేసింది. ‘మార్చేస్తాం, మామూలు చేసేస్తాం’ అనే కన్వర్షన్ థెరపీని జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది. ఎవరైనా డాక్టర్ ఆ మాట అంటే లేచి వచ్చేయొచ్చు. దిగులు, నిద్ర లేకపోవడం, భయం లాంటి వాటికి సైకియాట్రిస్ట్‌ని కలవడం వేరు, అది మంచిదే. “నిన్ను బాగు చేయించడానికి చూపిద్దాం” అనడం వేరు.

అసలు జాగ్రత్త హార్మోన్ల దగ్గర కావాలి. మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొనుక్కుని ఎక్కువ మోతాదులో వేసుకునేవాళ్లున్నారు. వాటివల్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం పెరుగుతుంది. పొగ తాగే అలవాటుంటే ఇంకా ఎక్కువ. ఒక్క కాలు వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి వస్తే ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి, ఏ మాత్రలు వేసుకుందో డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి. “అవి మానెయ్” అని అరిచేకన్నా “ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి వెళ్దాం, రక్తపరీక్షలు చేయిద్దాం, నేను తోడొస్తా” అన్నది పనిచేస్తుంది. హైదరాబాద్‌లో 2021లో ట్రాన్స్ మనుషుల కోసమే మిత్ర్ క్లినిక్ మొదలైంది. అమెరికా నిధులు ఆగి 2025 ఆరంభంలో మూతపడ్డాక, సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరిచారు. వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి.

చట్టం మాటకొస్తే, 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు, తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని, దానికి ఆపరేషన్ షరతు పెట్టకూడదని తీర్పునిచ్చింది. 2019 చట్టంతో కలెక్టర్ ద్వారా గుర్తింపు సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి వచ్చింది. దరఖాస్తుకు జాతీయ పోర్టల్ transgender.dosje.gov.in ఉంది. నిబంధనలు మారుతుంటాయి, కాబట్టి పాత వీడియోలు చూసి కాకుండా దరఖాస్తు చేసే నాటికి ఉన్న నియమం చూసుకోవాలి. సింధు అడగకముందే “పేరు ఎప్పుడు మార్పిస్తున్నావ్” అని వెంటపడకండి.

అడగకపోయినా మీరు ముందుకు రావాల్సిన సందర్భాలు రెండు. ఆమె మాటల్లో చావు ప్రస్తావన వస్తే మాట మార్చకండి. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సూటిగా అడగండి. అలా అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది చెప్పుకునే వీలు దొరుకుతుంది. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. రెండోది, ఇంటికి పిలిపించి బంధిస్తారనో బలవంతపు పెళ్లి చేస్తారనో అనుమానం ఉన్నప్పుడు. ఊరెళ్లేముందే పదో తరగతి మెమో, డిగ్రీ సర్టిఫికెట్లు, ఆధార్, పాన్ ఒరిజినల్స్ హైదరాబాద్‌లోనే భద్రపరచమనండి, స్కాన్లు మీ దగ్గర ఉంచండి. ఏ సమయానికి ఫోన్ చేస్తుందో, చేయకపోతే మీరు ఎంతసేపు ఆగాలో ముందే అనుకోండి. పద్దెనిమిది నిండిన మనిషిని ఇంట్లో బంధించే హక్కు కన్నవాళ్లకూ లేదు. అవసరమైతే 112కి చెప్పొచ్చు.

ఏడో అడుగు: మీ మనసు, మీ గ్యాంగ్

మీకూ కొంత బాధ ఉండొచ్చు. ఇన్నేళ్లు చెప్పలేదేంటన్న అలక, మన ఫ్రెండ్‌షిప్ ఇక మారిపోతుందేమోనన్న దిగులు, మతపరమైన సందేహం. అవి తప్పు కావు. వాటిని ఆ శనివారమే సింధు ముందు కుమ్మరించకండి. “ఇన్నాళ్లు నాకే అబద్ధం చెప్పావా” అనేది ఆమెకు అన్యాయం. ఆమె దాచింది మీమీద నమ్మకం లేక కాదు, తన భద్రత కోసం. మీరు ఇప్పటికే ఏదైనా తప్పు మాట అనేసి ఉంటే, రెండు వాక్యాల మెసేజ్ చాలు: “ఆ రోజు పెళ్లి గురించి అన్న మాట తప్పు. సారీ. నువ్వు రెడీ అయినప్పుడు మాట్లాడుకుందాం.” కానీ, అయితే, నా ఉద్దేశం అంటూ సాగదీయకండి. జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ పంపకండి.

తర్వాతి వారాల్లో మామూలుగా ఉండండి. ప్రతి ఫోన్‌లోనూ “నువ్వు ఎంత ధైర్యవంతురాలివో” అంటే ఆమెకు మొహమాటం. ఆమెకు ఇంకా ఆఫీసు మేనేజర్ మీద కోపాలున్నాయి, రూమ్ అద్దె బాధలున్నాయి, క్రికెట్ పిచ్చి ఉంది. ఆదివారం మ్యాచ్‌కి ఎప్పటిలాగే పిలవండి. ఈసారి చీర కట్టుకుని వస్తుందా, జీన్స్‌లో వస్తుందా అన్నది ఆమె ఇష్టం. చూసి “అసలు అమ్మాయిలాగే ఉన్నావ్” అనకండి, ఆ ‘లాగే’ అన్నదే గుచ్చుకుంటుంది. “ఈ రంగు నీకు బాగుంది” చాలు.

ఇక పాత గ్యాంగ్. సింధు అందరికీ చెప్పాలనుకుంటే ఎలా చెప్పాలో ఆమెనే ఎంచుకోనివ్వండి. గ్రూపులో తనే రాస్తుందా, మిమ్మల్ని ముందు చెప్పమంటుందా, కలిసినప్పుడు చెబుతుందా. ఆమె మెసేజ్ పెట్టిన ఒక నిమిషంలోపు మీ జవాబు పడాలి, మామూలు మాటల్లో: “సూపర్ సింధూ. ఆదివారం ఎక్కడ కలుద్దాం?” తర్వాత రాసేవాళ్లు మొదటి జవాబు చూసే తమ స్వరం ఎంచుకుంటారు. ఎవడో ఒకడు నవ్వే ఎమోజీ పెడతాడు, లేదా ఆమె లేని చోట ఆ పాత జోక్ వేస్తాడు. పెద్ద చర్చ పెట్టకండి, నవ్వకండి. “సింధు మన ఫ్రెండ్. ఆ మాట వద్దు” అని, వెంటనే ఇంకో సంగతి ఎత్తండి. వాడు మళ్లీ అంటే ఫోన్ చేసి ఒంటరిగా మాట్లాడండి. మూడోసారి కూడా అంటే, ఆదివారం మ్యాచ్‌కి వాడిని పిలవాలా వద్దా అన్నది సింధుతో కలిసి తేల్చుకోండి.